పెదనాన్న పంపిన పాముమందు మెసేజీ: ఆయన మనసు నొచ్చకుండా సరిదిద్దడం ఎలా?

కాలువలకు నీళ్లు వదిలి, చేలు దమ్ము చేసి, నాట్లు మొదలయ్యే రోజులు వచ్చాయంటే మన డెల్టా కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లోకి ఒక పాత మెసేజీ మళ్లీ వస్తుంది. మాటలు అక్కడక్కడా మారతాయి గాని సారం ఒక్కటే. పాము కరిస్తే కంగారు పడనక్కర్లేదట. హోమియో షాపులో నాజా 200 అనే మందు దొరుకుతుందట. పది నిమిషాలకొకసారి ఒక చుక్క చొప్పున మూడుసార్లు నాలుక మీద వేస్తే ఎంతటి విషమైనా విరిగిపోతుందట. చిన్న సీసాతో వందమందిని బతికించవచ్చట. చివర్లో, దీన్ని పదిమందికి పంపి పుణ్యం కట్టుకోండి అన్న మాట. మన విశ్వాసుల గ్రూపుల్లోకి వచ్చేసరికి ఆ పుణ్యం మాట పోయి ఒక వాక్యం రిఫరెన్సు చేరుతుంది.

మన ఇళ్లలో దీన్ని పంపేది చాలావరకు పెద్దవారే. రిటైరైన మాస్టారో, సంఘ పెద్దో, ఇంటికి పెద్దమ్మో అయి ఉంటారు. వాళ్లకు పొలం తెలుసు, పాము తెలుసు, పాము కరిచి చనిపోయినవారి సమాధి కార్యక్రమాలూ తెలుసు. పిల్లలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటారు, కౌలుకిచ్చిన చేలో మాత్రం మనవాళ్లే ఎవరో ఒకరు దిగి పనిచేస్తుంటారు. భయంతోనూ ప్రేమతోనూ పంపిన మెసేజీ అది. దాన్ని ఎలా సరిదిద్దాలని మన యువతీ యువకులు తరచూ అడుగుతున్నారు గనుక ఈ వారం ఆ ఒక్క సంగతి గురించే రాస్తున్నాను.

ముందు అసలు విషయం తేల్చుకుందాం, ఎందుకంటే సగం తెలిసి పెద్దవారితో మాట్లాడటానికి వెళితే రెండో ప్రశ్నకే తడబడతాం.

పాముకాటు మన ప్రాంతానికి దూరపు సంగతి కాదు. 2018 ఆగస్టులో దివిసీమలో అవనిగడ్డ, మోపిదేవి చుట్టుపక్కల పాముకాట్లు వరుసగా జరిగి రాష్ట్రమంతటా వార్తయింది. దేశం మొత్తం మీద 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షలమంది చనిపోయారని పరిశోధకులు అంచనా కట్టారు. అంటే ఏడాదికి సగటున 58 వేలమంది. ఆ మరణాల్లో ఎక్కువ భాగం జరిగిన కొద్ది రాష్ట్రాల్లో మనదీ ఒకటి. వానాకాలంలోనే ఎక్కువ, పల్లెల్లోనే ఎక్కువ.

నాజా అన్న మాట నాగుపాము శాస్త్రీయ నామం నుంచి వచ్చింది. ఆ హోమియో మందు తయారీకి మూలం నాగుపాము విషమే. దాన్ని ఒకటికి తొంభైతొమ్మిది పాళ్ల లెక్కన పలచన చేసి, అందులోంచి మళ్లీ ఒక పాలు తీసి మళ్లీ పలచన చేస్తారు. 200 అన్న అంకె ఇలా ఎన్నిసార్లు చేశారో చెబుతుంది. పన్నెండో సారి దాటేసరికే మొదటి పదార్థపు అణువు ఒక్కటైనా మిగలడం కష్టం. ఇది మీరు తెలుసుకోవడానికి చెబుతున్నాను, పెదనాన్నగారి దగ్గర ఎత్తడానికి కాదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు వేరు. పాముల విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తారు. గుర్రం శరీరం ఆ విషాన్ని పట్టి బంధించే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. దాని రక్తం నుంచి వాటిని వేరుచేసి శుద్ధి చేసిందే మనం పాము ఇంజెక్షన్ అని పిలిచే యాంటీవెనమ్. మన దేశంలో తయారయ్యేది నాలుగు పాములకు కలిపి పనిచేస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక నేలల్లో ఎక్కువగా ఉండే చిన్న పింజరి. మామూలుగా 8 నుంచి 10 సీసాలతో మొదలుపెడతారు. పిల్లలకైనా మోతాదు తగ్గించరు, ఎందుకంటే పాము ఎక్కించిన విషం పిల్లవాడి బరువును బట్టి తగ్గదు.

"విషానికి విషమే మందు" అని పెద్దలు అంటే పూర్తిగా తీసిపారేయలేం. ఆసుపత్రి మందు పుట్టుకలోనూ పాము విషం ఉంది. ఆ పోలికే ఈ మెసేజీకి బలం. తేడా ఏమిటంటే, యాంటీవెనమ్ రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది, చుక్కలు పట్టుకోలేవు. యాంటీవెనమ్‌కూ ఒక హద్దుంది. రక్తంలో ఉన్న విషాన్ని బంధిస్తుందే గాని, విషం అప్పటికే నరాలకు చేసిన హాని వెనక్కు తీసుకోలేదు. అందుకే దీనిలో సమయమే ప్రాణం. మెసేజీ వల్ల జరిగే నష్టం ఆ చుక్కల్లో లేదు, మూడు మోతాదులు వేసి "చూద్దాంలే" అని ఇంట్లో గడిపే గంటలో ఉంది.

కట్లపాము సంగతి ఆలోచించండి. రాత్రిపూట నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, వాపు ఉండదు, ఒక్కోసారి గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, ఊపిరి అందదు. అలాంటి మనిషికి రాత్రి చుక్కలు వేసి, వాపు రాలేదు గదా, మందు పనిచేసింది అనుకుంటే ఎంత ప్రమాదమో చూడండి. రక్తపింజరి విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొడుతుంది. బయటికి మనిషి బాగానే కనిపిస్తున్నా, డాక్టరు కొద్దిగా రక్తం తీసి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తేనే అది గడ్డకట్టడం లేదని తెలుస్తుంది. ఇంట్లో కూర్చుని చూసేవారికి ఆ గొట్టం లేదు.

ఇక పెద్దవారి దగ్గరి నుంచి తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "మన ఊళ్లో ఫలానా ఆయనకు ఈ మందుతోనే తగ్గింది గదా?" దీనికి జవాబు లేకుండా ఫోన్ చేయకండి.

ఆయన చెప్పేది అబద్ధం కాదు. ఆ మనిషి నిజంగానే బతికాడు. చేలల్లో కరిచే పాముల్లో నీరుకట్టె, జెర్రిపోతు లాంటి విషం లేనివే ఎన్నో. విషమున్న పాము కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించదు, ఒట్టి కాటు వేసి వదిలేయడమూ ఉంది. అలాంటివారికి చుక్కలు వేసినా, వేరు నూరి పోసినా, ఏమీ చేయకపోయినా బతుకుతారు. బతికినవాడు సాక్ష్యం చెబుతాడు. చనిపోయినవాడు వచ్చి, నేనూ ఆ చుక్కలే వేసుకున్నాను అని చెప్పలేడు. మన సంఘాల్లో సాక్ష్యానికి చాలా విలువ ఇస్తాం, ఇవ్వాలి కూడా. అందుకే ఈ మెసేజీ మన మధ్య మరింత త్వరగా నాటుకుంటుంది. సాక్ష్యం చెప్పేవాడు జరిగింది చెబుతాడు. ఎందుకు జరిగిందో అతనికీ తెలియకపోవచ్చు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. గ్రూపులో ముప్పైమంది. పెదనాన్నగారు కోడూరు మండలంలో ఉంటారు, డెబ్భైరెండేళ్లు, హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు, సంఘంలో కోశాధికారి. పొద్దున ఆరున్నరకు వాక్యం పెట్టి, దాని కిందే ఈ మెసేజీ పెట్టారు. ఎనిమిదింటికల్లా పదకొండుమంది చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. అప్పుడు విజయవాడలో ఇంజనీరింగ్ చదివే మనవడు, ఎర్ర అక్షరాలతో అబద్ధం అని ముద్ర కొట్టిన ఒక లింకు తెచ్చి ఆ మెసేజీకే జవాబుగా తగిలించాడు. కింద ఇంకెవరో నవ్వే బొమ్మ పెట్టారు.

ఆ మనవడు చెప్పింది నిజమే. కానీ పని చెడింది. ముప్పైమంది కళ్లు ఇప్పుడు పాము మీద లేవు, పెదనాన్నగారి మీద ఉన్నాయి. ఆయన రెండు పనుల్లో ఒకటి చేస్తారు. తన మాట నిలబెట్టుకోవడానికి ఇంకో వీడియో వెతికి పెడతారు, లేదా గ్రూపులో ఇక మాట్లాడకుండా ఊరుకుంటారు. రెండు విధాలా ఆయన మనసులో మందు మీద నమ్మకం అలాగే ఉంటుంది. ఆయన దాన్ని సంఘం గ్రూపుకూ, పాత ఉపాధ్యాయుల గ్రూపుకూ పంపి ఉంటే, అక్కడికి వెళ్లి సరిచేయగలిగింది ఆయనొక్కరే. ఆయన్ను పోగొట్టుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. మర్యాద కోసమే నెమ్మదిగా మాట్లాడమంటున్నానని కొందరు అనుకోవచ్చు. మర్యాద సరే, ఆ మెసేజీ ఎక్కడెక్కడికి వెళ్లిందో తెలిసిన ఒకే ఒక్క మనిషి మన వైపు ఉండాలి.

డిలీట్ చేయించడం సంగతి కూడా చెప్పాలి. గ్రూపు అడ్మిన్ ఎవరి మెసేజీనైనా అందరికీ కనబడకుండా తీసేయవచ్చు. కాని తీసేసిన చోట, అడ్మిన్ దీన్ని తొలగించారు అన్న గుర్తు మిగులుతుంది. పెద్దాయన మెసేజీని తమ్ముడి కొడుకు తొలగించాడని ముప్పైమందీ చదువుతారు. పైగా అప్పటికే చదివి వేరేచోటికి పంపినవారి దగ్గర అది అలాగే ఉంటుంది. తీసేయడం కంటే దాని కింద సరైన మాట రావడమే మేలు. ఆయన తనంతట తాను తీసేస్తానంటే అది వేరు.

మరి ఎవరు మాట్లాడాలి? ఆ మనవడు కాదు. కొత్తగా వచ్చిన అల్లుడు అసలే కాదు, ఎంత పెద్ద డాక్టరైనా సరే. మన ఇళ్ల సంగతి మీకు తెలుసు. ఆయనకు బాగా చనువున్న మనిషి కావాలి, వీలైతే ఆ విషయం దగ్గరగా చూసిన మనిషి. ఈ కుటుంబంలో పెదనాన్నగారి తమ్ముడి కూతురు మచిలీపట్నంలో నర్సుగా పనిచేస్తోంది. చిన్నప్పుడు ఆయన దగ్గరే లెక్కలు నేర్చుకుంది. ఆమె మాట్లాడాలి. గ్రూపులో కాదు, మెసేజీలోనూ కాదు, ఫోన్లో. ఆ రోజే, మధ్యాహ్నం భోజనాలయ్యాక.

"వందనాలు పెదనాన్నా, భోంచేశారా?"

"ఇప్పుడే అయిందమ్మా. డ్యూటీ లేదా ఇవాళ?"

"రాత్రి డ్యూటీ. మీరు పొద్దున పంపిన పాముమందు మెసేజీ చూశాను. నాట్ల రోజులు గదా, మనవాళ్లకు పనికొస్తుందని పెట్టినట్టున్నారు."

"అవునమ్మా. మొన్న బోదె గట్టు మీద తాచు కనబడిందంట. అందరూ చేలోనే ఉంటున్నారు. భయమేసింది."

"నాకూ అదే భయం పెదనాన్నా. అందుకే ఫోన్ చేశా. మా దగ్గరికి పాము కేసులు వస్తాయి. ఇంట్లో ఏదో ఒక మందు వేసి, కాసేపు చూసి, అప్పుడు బయల్దేరేవాళ్లతోనే మాకు కష్టం. ఆ కాసేపే ప్రాణం మీదికి తెస్తుంది. మన గ్రూపులో చూసి ఎవరైనా అలా ఇంట్లో ఆగిపోతారేమోనని."

"మరి మన చర్చి వాచ్‌మన్‌కు తగ్గింది గదమ్మా ఆ చుక్కలతోనే!"

"తగ్గే ఉంటుంది పెదనాన్నా. ఆయన్ను కరిచింది ఏ పాము?"

"అదెవరు చూశారు, చీకట్లో."

"అదే గదా. నీరుకట్టె అయితే ఏ మందూ అక్కర్లేదు. కట్లపాము అయితే ఆ చుక్కలు ఆపలేవు. ఏదో మనకు తెలియనప్పుడు ఆసుపత్రికి పోవడమే గదా మంచిది. ఒక రోజు పడుకోబెట్టి చూస్తారు, ఏమీ లేకపోతే పంపేస్తారు."

ఈ మాటల్లో ఏం జరిగిందో గమనించండి. ఆయన ఎందుకు పంపారో ఆమె ముందు ఆయన నోటితోనే చెప్పించింది. ఆ కారణం నిజమైనది, మంచిది, కాబట్టి దాన్ని ఒప్పుకోవడంలో నటన లేదు. మంచి సమాచారం పంపారు పెదనాన్నా అని మాత్రం ఆమె అనలేదు, అనకూడదు. పెద్దవారిని సంతోషపెట్టడానికి అబద్ధం చెబితే తర్వాతి మాటకు కాళ్లుండవు. సాక్ష్యాన్ని ఆమె కాదనలేదు, ఒక ప్రశ్న మాత్రం అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ఆయన దగ్గర లేదని ఆయనకే తెలిసింది. బడిలో ఆయన పిల్లలకు లెక్కలు చెప్పిన పద్ధతీ అదే అయి ఉంటుంది.

హోమియో గురించి ఆమె ఒక్క మాట కూడా ఎత్తలేదు. మన జిల్లాలో ఇది ముఖ్యం. గుడివాడలో హోమియో వైద్య కళాశాల ఎన్నో దశాబ్దాలుగా ఉంది, ఆ వైద్యాన్ని నమ్ముకున్న కుటుంబాలు మన సంఘాల్లో చాలా ఉన్నాయి. పెదనాన్నగారు తన కీళ్లనొప్పులకు ఇరవై ఏళ్లుగా ఆ మాత్రలే వేసుకుంటూ ఉండవచ్చు. పలచన చేసే లెక్క, అణువుల లెక్క ఇప్పుడు తీస్తే గొడవ పాము నుంచి ఆయన ఇరవై ఏళ్ల నమ్మకం మీదికి పోతుంది, ఆ గొడవ ఒక ఫోన్ కాల్‌లో తేలదు. తేలాల్సింది ఒక్కటే, పాము కరిస్తే ముందు ఆసుపత్రికి వెళ్లాలన్నది. దిద్దుబాటు ఎంత చిన్నదైతే పెద్దవారికి ఒప్పుకోవడం అంత తేలిక.

కొన్ని ఇళ్లలో వాక్యం అడ్డొస్తుంది. మెసేజీతో పాటు లూకా 10:19 వస్తుంది, లేదా మెలితే ద్వీపంలో పౌలు చేతిని పాము పట్టుకున్న సంగతి వస్తుంది. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయం ఇంకోసారి నెమ్మదిగా చదవమని మనవి. పౌలు పామును వెతుక్కుంటూ వెళ్లలేదు. చలికి వేసిన మంటలో, ఏరిన పుల్లలు వేస్తే అది బయటికొచ్చింది. దేవుడు ఆయన్ను కాపాడాడు. ఆ సంగతి రాసినవాడు లూకా, వైద్యుడు. పాము కరిస్తే ఫలానా పని చేయండి అని ఆయన అక్కడ ఎవరికీ చెప్పలేదు. 108 వచ్చేలోగా ప్రార్థన చేయండి, అంబులెన్సులోనూ చేయండి. ప్రార్థన కోసం అంబులెన్సును ఆపమని ఏ వాక్యమూ చెప్పదు. ఈ మాట కుటుంబంలో చిన్నవారు చెబితే బాగోదు. కాపరులు చెప్పాలి, అది మన పని.

ఒంటరిగా వెళ్లి మాట్లాడమన్న ప్రభువు మాట, మత్తయి 18:15, మనకు కంఠతా వచ్చు. కాని అది తప్పిదం చేసిన సహోదరుని గురించి. పెదనాన్నగారు పాపం చేయలేదు, తెలియక పంపారు. ఆయన విషయంలో నాకు ఎక్కువ పనికొచ్చేది అకుల, ప్రిస్కిల్ల చేసిన పని. అపొల్లో సమాజమందిరంలో ధైర్యంగా బోధిస్తున్నాడు, తెలిసింది బాగానే చెబుతున్నాడు, కాని తెలిసింది కొంతే. వాళ్లు మందిరంలో లేచి అడ్డుచెప్పలేదు. తమ దగ్గరికి చేర్చుకుని మిగతా సంగతి వివరంగా చెప్పారు. ఆ తర్వాత అపొల్లో మానేయలేదు, ఇంకా బలంగా బోధించాడు. అకయలో ఆయన వల్ల విశ్వాసులకు ఎంత సహాయం కలిగిందో అదే అధ్యాయం చివర్లో ఉంది. నయమాను సేవకులనూ మరచిపోకండి. కోపంతో వెళ్లిపోతున్న సేనాధిపతి దగ్గరికి వచ్చి, తండ్రీ అని పిలిచి, ఆయన ఆలోచించుకునేలా ఒక ప్రశ్న అడిగారు. ఆయన వెనక్కు తిరిగి యొర్దానుకు వెళ్లాడు.

ఫోన్‌లో మాట కలిసిన తర్వాత ఇంకో మెట్టు ఉంది. గ్రూపులో దిద్దుబాటు ఎవరు పెట్టాలి? పెదనాన్నగారే పెట్టాలి. "పెదనాన్నా, నేను పెడితే చిన్నదాన్ని, ఎవరూ పట్టించుకోరు. మీరు పెడితే అందరూ వింటారు. మీరు ఒకసారి మన డాక్టరుగారిని కూడా అడిగి చూడండి" అని ఆమె అడగవచ్చు. ఇది పొగడ్త కాదు, నిజం. ఆ డాక్టరు ఆయన నమ్మేవారై ఉండాలి, బీపీ మాత్రలు రాసే ఊరి డాక్టరైనా చాలు. అప్పుడు ఆయన కనుక్కున్నవారవుతారు, దొరికిపోయినవారు కారు. ఆయన పెట్టే మాట ఇలా ఉంటే బాగుంటుంది:

"పొద్దున నేను పంపిన పాముమందు గురించి డాక్టరుగారిని, మన అమ్మాయిని అడిగాను. ఆ చుక్కలతో పాము విషం విరగదట. పాము కరిస్తే ఏ మందూ వేసి చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి. తాడు బిగించి కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి. కరిచిన కాలు చెయ్యి కదలకుండా కర్రకట్టు వేసి, మనిషిని నడిపించకుండా తీసుకెళ్లండి. పాము కోసం వెతకవద్దు. పొద్దున మెసేజీ ఎవరికైనా పంపి ఉంటే వాళ్లకు ఇది కూడా పంపండి."

ఎనిమిది వాక్యాలు, లింకు లేదు, ఎర్ర ముద్ర లేదు. చదవడం కష్టమైనవారికి ఇదే ఆయన గొంతుతో వాయిస్ మెసేజీగా పెడితే ఇంకా మంచిది. తాడు సంగతి ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. పైన గట్టిగా కట్టు కట్టడం మన పల్లెల్లో తరతరాల అలవాటు. అది విషాన్ని ఆపదు, రక్తప్రసారాన్ని ఆపి కాలునే పోగొట్టవచ్చు. ఆ కట్టును ఒక్కసారిగా విప్పితే ప్రమాదం మరీ ఎక్కువ. అప్పటికే ఎవరైనా కట్టేసి ఉంటే దారిలో విప్పకుండా, ఆసుపత్రిలో డాక్టరు ముందే విప్పించాలి.

ఆ మెసేజీ కింద మిగతావారు ఏం చేయాలి? మంచిది పెదనాన్నా అని ఒక్క మాట చాలు. నేను పొద్దునే చెప్పాను గదా అన్న మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. ఆ మనవడికి అమ్మో నాన్నో ముందే విడిగా చెప్పి పెట్టాలి. ఎర్ర ముద్ర లింకును అతనే తీసేసుకుంటే పేచీ ఉండదు. తన మెసేజీ తాను అందరికీ తొలగించుకోవడానికి వాట్సాప్ రెండు రోజులకు పైగానే గడువు ఇస్తుంది.

అన్ని ఇళ్లలో ఇది ఇంత సాఫీగా నడవదు. కొందరు పెద్దలు ఎంత చెప్పినా ఒప్పుకోరు. అప్పుడు మందు తప్పని ఒప్పించే పని పక్కన పెట్టి ఇంకో మాట అడగండి. "సరే పెదనాన్నా, చుక్కలు వేస్తే వేయండి, కాని ఆసుపత్రికి వెళుతూ దారిలో వేయండి. ఇంట్లో ఆగవద్దని ఒక్క మాట పెట్టండి." దానికి కాదనేవారు తక్కువ. సమయం పోకపోతే ఆ చుక్కల వల్ల పెద్దగా నష్టమేమీ లేదు. మందు గురించి నిజం సగమే చెప్పినట్టుంటుందని కొందరికి అనిపించవచ్చు. ప్రాణం నిలబెట్టే సగం అది, మిగతా సగానికి మళ్లీ వెళ్లి కూర్చోవచ్చు.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ నెమ్మది పనికిరాదు. ఆ గ్రూపులోనే ఎవరో ఇప్పుడే పాము కరిచింది అని పెట్టి, కింద పెదనాన్నగారు చుక్కలు వేయమని రాస్తే, విడిగా ఫోన్ చేసి సమయం చూసుకుని మాట్లాడటం కుదరదు. ముందు కరిచినవారి ఇంటికే ఫోన్ చేయాలి. గ్రూపులోనూ వెంటనే రాయాలి, కాని ఆయన మాటకు జవాబుగా తగిలించకుండా విడిగా, "ఏమీ వేయవద్దు, 108 పిలవండి, కదపవద్దు, నేను ఫోన్ చేస్తున్నా" అని. ఆయన నొచ్చుకుంటే రేపు వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోవచ్చు.

సంఘం గ్రూపులో రెండువందలమంది ఉన్నచోట ఈ మెసేజీ వస్తే దిద్దే బాధ్యత కాపరిది. ఎవరు పంపారన్నది ఎత్తకుండా, ఇలాంటి మెసేజీ తిరుగుతోంది, దీని విషయం ఇదీ అని ఆదివారం ప్రకటనల్లో చెప్పేస్తే సరిపోతుంది. ముందురోజు సాయంత్రం పంపినవారికి ఫోన్ చేసి, రేపు ఈ సంగతి చెబుతున్నాను, మీ పేరు రాదు అని ఒక మాట చెప్పండి. మందిరంలో కూర్చున్న మనిషికి ఒక్కసారిగా తగలకూడదు. కాపరి గారే పంపి ఉంటే? అదీ జరుగుతోంది. అప్పుడు కాపరమ్మగారితోనో, వయసులో పెద్దవారైన ఇంకో సేవకునితోనో మాట్లాడించండి.

ఇదంతా అయ్యాక పెదనాన్నగారికి ఒక పని మిగిలి ఉంటుంది, ఆయనకు నచ్చే పని. వానాకాలం మొదలవకముందే, తమ ఊరికి దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రెండు ప్రశ్నలు అడగాలి. పాము ఇంజెక్షన్ ఇక్కడ ఉందా? రాత్రిపూట వస్తే ఇచ్చేవారు ఉంటారా? లేదంటే అవనిగడ్డకు పోవాలా, మచిలీపట్నం పోవాలా, ఆ దారి రాత్రి ఎంత సేపు పడుతుంది? వెళ్లినచోట ఊపిరి ఆడకపోతే పెట్టే యంత్రం ఉందా అని కూడా అడిగితే మరీ మంచిది, ఎందుకంటే నాగుపాము, కట్లపాము కేసుల్లో అది కావాల్సి రావచ్చు. అడిగి తెలుసుకున్న ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరు ఆయనే గ్రూపులో పెట్టాలి. పిన్ చేసిన మెసేజీ 30 రోజులకు మించి నిలబడదు గనుక, దాన్ని గ్రూపు పేరు కింద ఉండే వివరణలో రాయించండి. ఆ నంబరు పనిచేస్తోందో లేదో ఏటా నాట్లకు ముందు ఒకసారి, కోతలకు ముందు ఒకసారి ఫోన్ చేసి చూసే బాధ్యత కూడా ఆయనకే అప్పగించవచ్చు.